వేరే ఊరి ఉద్యోగానికి రెజ్యూమేలో లొకేషన్ ఎలా రాయాలి: ప్లాంట్ ఉద్యోగం ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

"రీలొకేట్ కావడానికి సిద్ధం అని రెజ్యూమేలో స్పష్టంగా రాశాను. అర్హత, అనుభవం అన్నీ సరిపోతున్నాయి. అయినా ఫోన్ రావడం లేదు, ఎందుకు?" పాఠకుల నుంచి తరచూ వస్తున్న ప్రశ్న ఇది. రోజూ ప్లాంటుకో, ల్యాబ్‌కో, సైట్‌కో వెళ్లి చేయాల్సిన ఉద్యోగాలకు దూరం నుంచి దరఖాస్తు చేసేవారే ఎక్కువగా అడుగుతున్నారు.

ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. తుని స్వస్థలంగా ఉండి, విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్‌గా మూడేళ్లుగా పనిచేస్తున్న ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. ఆయన హైదరాబాద్ వైపు ఉన్న మందుల కంపెనీల ప్లాంట్లలో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నారు. మందుల నమూనాలను పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబడి చేసే పనిని ఇంటి నుంచి చేయడం కుదరదు కాబట్టి, ఊరి సంగతి ఇక్కడ తప్పించుకోలేనిది. మీ రంగం వేరైనా ఇక్కడ చెప్పిన క్రమాన్ని అలాగే పాటించవచ్చు.

## 1. మీ ఊరి పేరు చూసి రిక్రూటర్ ఏం లెక్క వేస్తారు

లొకేషన్ రెండు చోట్ల పనిచేస్తుంది. మొదటిది వెతుకులాట. రిక్రూటర్ జాబ్ పోర్టల్ డేటాబేస్‌లో నైపుణ్యం, అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్ వంటివి ఎంచుకుని వెతుకుతారు. ఆ వడపోతలో మీ ప్రొఫైల్ నిలవకపోతే మీ రెజ్యూమేను మనిషి అసలు తెరవనే తెరవరు. రెండోది చదవడం. వడపోత దాటిన రెజ్యూమేను తెరిచిన మనిషి పైనున్న నాలుగు వరుసల్లోనే ఊరు చూసి ఒక అంచనాకు వస్తారు.

ఆ అంచనాలో మూడు ప్రశ్నలుంటాయి. ఈ వ్యక్తి ఎప్పటికి చేరగలరు? ఆఫర్ ఇస్తే నిజంగా వస్తారా? వచ్చాక ఆరు నెలలకే సొంత ఊరికి తిరిగి వెళ్లిపోతారా?

రెండో ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. ఆఫర్ తీసుకున్న అభ్యర్థి చేరాల్సిన రోజున రాకపోతే, అప్పటిదాకా ఎదురుచూసిన నెల, రెండు నెలల సమయం వృథా అవుతుంది. రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి అప్పటికే వేరే చోట చేరిపోయి ఉంటారు. ఖాళీ అలాగే ఉండిపోయిందని ల్యాబ్ మేనేజర్ హెచ్‌ఆర్‌ను నిలదీస్తారు. అందుకే ఇద్దరి అనుభవమూ సమానంగా ఉన్నప్పుడు స్థానికంగా ఉన్నవారికే ముందుగా ఫోన్ వెళ్తుంది. దీన్ని వివక్ష అనుకుని బాధపడడం కంటే, రిక్రూటర్‌కున్న ఆ భయాన్ని మీ రెజ్యూమే ఎంత తగ్గించగలదో చూడడం ఉపయోగకరం.

"రీలొకేట్ కావడానికి సిద్ధం" అన్న మాట పై మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ జవాబు చెప్పదు. ఆ మాట దాదాపు అందరూ రాస్తారు. ఏ ఊరికి, ఎన్ని రోజుల్లో, ఎందుకు అన్నవి తోడైతేనే దానికి విలువ వస్తుంది.

## 2. రాయడానికి ముందు మీరు తేల్చుకోవాల్సినవి

రెజ్యూమే ఫైలును తెరవకముందే ఒక కాగితం మీద ఈ నాలుగింటికి జవాబులు రాసుకోండి. ఇక్కడ స్పష్టత లేకపోతే తర్వాతి మెట్లన్నీ తడబడతాయి.

ఊళ్లు. నిజంగా వెళ్లగలిగే రెండు మూడు చోట్లు చాలు. మన కెమిస్ట్ హైదరాబాద్ పరిసరాలను మొదటగా, నాయుడుపేట–శ్రీసిటీ ప్రాంతాన్ని రెండోదిగా ఎంచుకున్నారనుకుందాం. రెంటికీ ఒకే రెజ్యూమే పంపకుండా, పై వరుస మాత్రం మార్చిన రెండు ప్రతులు పెట్టుకోవాలి.

తేదీ. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాసిన నోటీస్ పీరియడ్ చూడండి. 30 రోజులు ఉన్నట్లయితే, ఆఫర్ లెటర్ వచ్చిన మర్నాడే రాజీనామా ఇచ్చినా రిలీవ్ కావడానికి నెల పడుతుంది. సామాను సర్దుకుని, గది చూసుకోవడానికి మరో నాలుగైదు రోజులు కలపండి. అంటే ఆఫర్ తేదీ నుంచి 35 రోజులు. రిక్రూటర్‌కు చెప్పాల్సిన అంకె ఇదే. తొందరలో "వెంటనే చేరతాను" అని రాసి, తర్వాత నెల అడిగితే అప్పటిదాకా సంపాదించిన నమ్మకం పోతుంది.

కారణం. ఒక్క వాక్యంలో చెప్పగలిగేది, అబద్ధం కానిది ఒకటి ఉండాలి. భార్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేయడం, అన్నయ్య కుటుంబం అక్కడే స్థిరపడడం, మీరు చేయాలనుకుంటున్న తరహా పని ఉన్న ప్లాంట్లు అక్కడ ఎక్కువగా ఉండడం, వీటిలో ఏదైనా సరిపోతుంది. మొదటి రెండింటికి బలం ఎక్కువ, ఎందుకంటే వచ్చినవారు నిలుస్తారన్న నమ్మకం వాటివల్ల కలుగుతుంది.

జీతం. షార్ట్‌లిస్ట్ అయ్యాక కూడా వేరే ఊరివారు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఇప్పుడు కంపెనీ బస్సులో వెళ్లివస్తూ, తక్కువ అద్దెకు ఉంటున్న మనిషికి హైదరాబాద్‌లో గది, భోజనం, ఊరికి రాకపోకలు కలిపి నెలకు మరో 10,000 రూపాయలు అదనంగా ఖర్చవుతాయనుకుంటే, ఏడాదికి 1,20,000 అవుతుంది. చేతికి వచ్చే జీతం అంతకంటే తక్కువ పెరిగితే, ఉద్యోగం మారి నష్టపోయినట్లే. మీ అంకెలు మీరు వేసుకోండి. కనీసం ఎంత వస్తే కదులుతారో ముందే తేలితే, అంతకంటే తక్కువ ఇచ్చే ప్రకటనల మీద సమయం పోదు.

## 3. ప్రకటనలో ఉన్న ఊరు అసలు ఎక్కడుందో కనుక్కోండి

ఆన్‌సైట్ ఉద్యోగాల్లో చాలామంది పట్టించుకోని మెట్టు ఇది. మందుల కంపెనీ ప్రకటనలో "హైదరాబాద్" అని ఉన్నా, పనిచేయాల్సిన చోటు జీడిమెట్ల కావచ్చు, బొల్లారం కావచ్చు, పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి జిల్లాలో ఉన్న పాశమైలారం కావచ్చు. కొన్నిసార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న జడ్చర్ల కూడా కావచ్చు. వీటన్నిటినీ హైదరాబాద్ అనే ఒక్క పేరు కింద చూపించడం ప్రకటనల్లో మామూలే.

ప్రకటనలో "యూనిట్" అని ఏదైనా నంబరు ఉంటే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ యూనిట్ చిరునామా చూడండి. నంబరు లేకపోతే ఆ కంపెనీకి ఆ చుట్టుపక్కల ఎక్కడెక్కడ ప్లాంట్లు ఉన్నాయో మ్యాప్‌లో గుర్తించండి. కంపెనీ బస్సు ఉందా, ఏ పికప్ పాయింట్ల నుంచి వెళ్తుంది అన్నది ఆ కంపెనీలోనో, పక్క ప్లాంట్‌లోనో పనిచేస్తున్న పరిచయస్తుల ద్వారా తెలుసుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, రెజ్యూమేలో "హైదరాబాద్" అన్నదాని పక్కన "పాశమైలారం" లేదా "జడ్చర్ల" అని కూడా కనిపిస్తే, ప్లాంటు ఎక్కడుందో తెలిసే ఈ అభ్యర్థి వస్తున్నారని చదివేవారికి అర్థమవుతుంది. నగరం అనుకుని వచ్చి, ప్లాంటు ఎక్కడో దూరంగా ఉందని ఇంటర్వ్యూ రోజున వెనక్కి తగ్గే అభ్యర్థులతో విసిగిపోయిన హెచ్‌ఆర్‌కు ఆ ఒక్క పేరు చాలా చెబుతుంది.

## 4. రెజ్యూమే పై వరుసలు

పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండే చోటే లొకేషన్ కూడా ఉండాలి. డోర్ నంబరు, వీధి పేరు అక్కర్లేదు. వాటివల్ల షార్ట్‌లిస్టింగ్‌లో లాభమేమీ లేదు, పైగా మీ ఇంటి చిరునామా ఎందరి చేతుల్లోనో తిరుగుతుంది. ఊరు, రాష్ట్రం చాలు.

మన అభ్యర్థి పాత రెజ్యూమేలో లొకేషన్‌కు సంబంధించిన వరుసలు ఇలా ఉన్నాయనుకుందాం.

```
Permanent Address: Tuni, East Godavari Dist.
Willing to relocate anywhere in India.
```

చదివిన రిక్రూటర్‌కు ఈయన తునిలో ఖాళీగా ఉన్నారో, ఉద్యోగంలో ఉన్నారో తెలియదు. పరవాడ అనుభవం రెండో పేజీకి పోయింది. "దేశంలో ఎక్కడైనా" అన్న మాటలో హైదరాబాద్ మీద ప్రత్యేకమైన ఆసక్తి కనిపించదు. సవరించిన రూపం ఇది.

```
Visakhapatnam, AP | Willing to relocate to Hyderabad
Open to: Pashamylaram, Jeedimetla, Jadcherla
Notice period: 30 days | Can join 35 days from offer
```

మూడు వరుసల్లో మొదటి ప్రశ్నకు పూర్తిగా, రెండో ప్రశ్నకు సగం జవాబు దొరికింది. కారణం బలమైనదైతే, కింద ఉండే సమ్మరీ పేరాలో చివరి వాక్యంగా చేర్చవచ్చు.

```
Relocating to join family settled in Hyderabad.
```

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. `Relocating` అని రాస్తే, ఉద్యోగం వచ్చినా రాకపోయినా మారుతున్నారని అర్థం. తేదీ నిర్ణయమైపోయినవారే అలా రాయాలి. ఉద్యోగం వస్తేనే కదులుతారంటే `Willing to relocate` అన్నదే నిజాయితీ. మారే నెల ఖరారైతే దాన్ని కూడా రాయండి, అంతకంటే బలమైన వరుస ఉండదు.

షిఫ్టుల విషయం కూడా ఇక్కడే ఆలోచించాలి. ప్లాంటు ల్యాబ్‌లలో మూడు షిఫ్టులు మారుతూ పనిచేయాల్సి రావడం సాధారణం. అందుకు సిద్ధమైతే `Rotational shifts: Yes` అని ఒక మాట చేర్చండి, సిద్ధం కాకపోతే రాయకండి.

## 5. కింది వరుసల్లో దాగి ఉండే పాత ఊరు

పై వరుసలు మార్చి, కింది భాగాన్ని మరిచిపోయినవారి రెజ్యూమేలు ఎన్నో కనిపిస్తాయి. మన దగ్గర కాలేజీ రోజుల్లో నేర్చుకున్న నమూనా ప్రకారం చివర్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పర్మనెంట్ అడ్రస్, ఆ కింద డిక్లరేషన్, ఎడమ మూలన తేదీ, స్థలం ఉంటాయి. పైన హైదరాబాద్ అని రాసి, ఆ మూలన ఇంకా ఇలాగే ఉంటుంది.

```
Date: 12-06-2022
Place: Tuni
```

ఎప్పటిదో పాత తేదీ, వేరే ఊరి పేరు. పైన రాసిన మాటను కింద రాసిన మాటే కాదంటున్నట్లు ఉంటుంది. డిక్లరేషన్‌ను పూర్తిగా తీసేయమని నా సలహా. ప్రైవేటు కంపెనీలు రెజ్యూమే దశలో దాన్ని అడగవు. మీకు ఉంచాలనిపిస్తే తేదీ, స్థలం రెండూ ప్రతిసారీ మార్చండి. పర్మనెంట్ అడ్రస్ చేరిన తర్వాత నింపే ఫారాల్లోకి వెళ్లాల్సినది, రెజ్యూమేలో దానికి చోటు అక్కర్లేదు.

అనుభవం విభాగంలో మాత్రం ప్రతి ఉద్యోగం పక్కన ఊరు తప్పకుండా ఉండాలి. ఇక్కడ ఊరి పేరు మీకు మేలు చేస్తుంది. తునిలో పెరిగి, గుంటూరులో ఎమ్మెస్సీ చదివి, పరవాడలో ఉద్యోగం చేస్తున్న వ్యక్తి ఇప్పటికే రెండు సార్లు ఊరు మారి నిలదొక్కుకున్నట్లు లెక్క. అంతకుముందు హైదరాబాద్‌లో ఆరు నెలల శిక్షణ పొంది ఉంటే, దాన్ని ఊరితో సహా రాయండి. ఆ ఊళ్లో ఇంతకు ముందు ఉన్న అనుభవాన్ని మించిన రుజువు వేరే ఏదీ అక్కర్లేదు.

పేర్ల విషయంలో రిక్రూటర్ వెతికే పేరునే వాడండి. 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత పరవాడ అనకాపల్లి జిల్లాలోకి, తుని కాకినాడ జిల్లాలోకి వచ్చాయి. ప్రభుత్వ దరఖాస్తుల్లో ఆ ఫారం అడిగిన ప్రకారమే జిల్లా రాయాలి. రెజ్యూమేలో మాత్రం `Parawada, Visakhapatnam` అని రాస్తేనే వెతుకులాటలో దొరుకుతుంది. బెంగళూరుకు పాత, కొత్త స్పెల్లింగులు రెండూ వాడుకలో ఉన్నాయి కాబట్టి, అక్కడికి దరఖాస్తు చేసేవారు `Bengaluru / Bangalore` అని రెండూ ఒక చోట ఇవ్వడం మేలు.

## 6. పోర్టల్ ప్రొఫైల్: రెజ్యూమే కంటే ముందు కనిపించేది

రెజ్యూమే ఎంత చక్కగా దిద్దినా, పోర్టల్‌లోని గడులు పాతవే ఉంటే ఆ శ్రమంతా వృథా. నౌకరీ వంటి పోర్టల్‌లో ప్రస్తుత ఊరు ఒక గడి, కోరుకునే ఊళ్లు మరో గడి. రిక్రూటర్ హైదరాబాద్‌ను ఎంచుకుని వెతికేటప్పుడు అక్కడ ఉన్నవారిని మాత్రమే చూడవచ్చు, లేదా అక్కడికి రావాలనుకునేవారిని కూడా కలుపుకోవచ్చు. రెండో రకం వెతుకులాటలో మీరు కనిపించాలంటే `Preferred work location` గడిలో హైదరాబాద్ ఉండి తీరాలి. రెజ్యూమే ఫైలులో రాసిన మాట ఆ గడికి బదులు కాదు.

ఈ క్రమంలో సరిచేయండి.

- ప్రస్తుత ఊరిని నిజంగా ఉన్న ఊరికే మార్చండి. మన అభ్యర్థికి అది విశాఖపట్నం, తుని కాదు.
- కోరుకునే ఊళ్లలో రెజ్యూమేలో రాసినవే ఉంచండి. పది నగరాలు ఎంచితే ఎక్కడికీ గట్టిగా రావాలనుకోనట్లు కనిపిస్తుంది.
- నోటీస్ పీరియడ్ గడిలో నిజమైనదే ఎంచండి. రాజీనామా ఇచ్చేశాక `Serving Notice Period` ఎంచి, ఆఖరి పనిదినం ఇవ్వండి. వేరే ఊరివారికి ఈ గడి స్థానికుల కంటే ఎక్కువగా పనికొస్తుంది, ఎందుకంటే చేరే తేదీ మీద ఉన్న సందేహం అక్కడే తీరిపోతుంది.
- కొత్త రెజ్యూమేను అప్‌లోడ్ చేసి, పాతదాన్ని తొలగించండి.
- ఇప్పటి కంపెనీకి మీ ప్రొఫైల్ కనిపించకుండా బ్లాక్ చేసే వీలును వాడుకోండి.

లింక్డ్‌ఇన్‌లో `Open to work` కింద ఆన్‌సైట్ పని కోసం ఊళ్లు విడిగా అడుగుతుంది. అక్కడ కూడా అవే పేర్లు ఇచ్చి, రిక్రూటర్లకు మాత్రమే కనిపించే ఎంపికను తీసుకోండి. మీ సొంత కంపెనీవారికి అసలే కనిపించదన్న పూర్తి హామీ ఆ సంస్థ కూడా ఇవ్వదని గుర్తుంచుకోండి.

## 7. దరఖాస్తులోని అవును–కాదు ప్రశ్నలు

దరఖాస్తు చేసేటప్పుడు ఊరి మీద ఒకటి రెండు ప్రశ్నలు వస్తాయి. లింక్డ్‌ఇన్‌లో తరచూ కనిపించేది ఇది.

```
Are you comfortable commuting to this job's location?
```

మన అభ్యర్థి ఈ ప్రశ్నను "ఇక్కడి నుంచి రోజూ వెళ్లిరాగలరా" అని అర్థం చేసుకుని, నిజాయితీగా కాదు అని నొక్కేస్తారు. కంపెనీ ఆ ప్రశ్నను తప్పనిసరి అర్హతగా పెట్టి ఉంటే, అంతటితో దరఖాస్తు పక్కకు పోతుంది. ఉద్యోగంలో చేరాక రోజూ ఆ చోటికి రాగలరా అన్నదే వారికి కావలసిన సంగతి. చేరే రోజుకు మారిపోతామన్న నిర్ణయం మీకు ఉంటే అవును అనడం తప్పు కాదు. కాకపోతే మారబోతున్న సంగతి రెజ్యూమే పై వరుసలో కనిపించాలి. రెండూ కలిస్తేనే ఆ జవాబు నమ్మదగినదవుతుంది.

"మీరు ప్రస్తుతం హైదరాబాద్‌లోనే ఉంటున్నారా" అని సూటిగా అడిగితే మాత్రం జవాబు కాదు అనే ఉండాలి. ఖాళీ పెట్టె ఉంటే అందులో ఒక వాక్యం చాలు.

```
Based in Visakhapatnam. Can relocate and join in 35 days.
```

## 8. మొదటి ఫోన్ కాల్

రెజ్యూమేలోని లొకేషన్ వరుసను రిక్రూటర్ పరీక్షించేది మొదటి ఫోన్‌లోనే. ఆ సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

"ప్రస్తుతం మీరు ఎక్కడ ఉంటున్నారండీ?"

"వైజాగ్‌లో ఉంటున్నాను మేడమ్, పరవాడలో పనిచేస్తున్నాను."

"మాది జడ్చర్ల ప్లాంట్. అక్కడికి రాగలరా?"

"తెలుసు మేడమ్. అక్కడికి వచ్చే ఉద్దేశంతోనే అప్లై చేశాను. మా అన్నయ్యవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, మొదట్లో అక్కడ ఉండి, తర్వాత ప్లాంటుకు దగ్గరలో గది తీసుకుంటాను. నోటీస్ నెల రోజులు. ఆఫర్ ఇచ్చిన 35 రోజుల్లో చేరతాను."

"ఇంటర్వ్యూకు నేరుగా రావాల్సి ఉంటుంది."

"శనివారం అయితే వీలవుతుంది మేడమ్. శుక్రవారం రాత్రి రైలెక్కి ఉదయానికి వచ్చేస్తాను."

ఈ జవాబుల్లో గొప్పతనం ఏమీ లేదు. ఉండే చోటు, తేదీ, ఇంటర్వ్యూకు వచ్చే రోజు మూడూ అడిగిన వెంటనే వచ్చాయి, అంతే. "చూసి చెప్తాను", "ఇంట్లో అడగాలి" అన్న జవాబు మొదటి ఫోన్‌లో వస్తే, మీ పేరు పక్కన సందేహం రాసుకుంటారు. ఇంట్లో అడగాల్సినవన్నీ దరఖాస్తుకు ముందే అడగండి. పిల్లల చదువు ఉన్నవారు "ముందు నేను ఒక్కడినే వస్తాను, పరీక్షలయ్యాక కుటుంబం వస్తుంది" అని చెప్పగలిగితే ఆ సందేహమూ తీరుతుంది.

స్త్రీలను ఇంకా లోతుగా అడుగుతారు. వసతి ఎక్కడ, రాత్రి షిఫ్టు చేస్తారా, పెళ్లి తర్వాత ఊరు మారతారా అనే దాకా వెళ్తారు. చివరి ప్రశ్న అడగడం అన్యాయం. వసతి, షిఫ్టు గురించి సిద్ధంగా ఉన్న జవాబు చెప్పి, పెళ్లి ప్రశ్న వస్తే "ఈ ఉద్యోగంలో చేరి కొనసాగాలనే అప్లై చేశాను" అని ఒక్క వాక్యంతో ముగించి, సంభాషణను పని వైపు మళ్లించడం మేలు. రాత్రి షిఫ్టు వేళల్లో కంపెనీ రవాణా ఉందా అని మీరు కూడా తిరిగి అడగండి. అది మీ హక్కు.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణలు

బంధువుల చిరునామాను సొంతదిగా చూపించడం. స్థానికులమని నమ్మించడానికి కొందరు హైదరాబాద్ చిరునామా పెడతారు. "రేపు పదకొండు గంటలకు రండి" అన్న ఫోన్ వస్తే విషయం బయటపడుతుంది. అక్కడ దాటినా, చేరే సమయంలో ఇచ్చే ఆధార్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడిగే ప్రస్తుత చిరునామా, ఇప్పటి కంపెనీ ఉన్న ఊరు పొంతన కుదరవు. సవరణ తేలిక: ఇప్పుడున్న ఊరే రాసి, హైదరాబాద్‌లో ఉండడానికి చోటుందని సమ్మరీలో చెప్పండి.

ఊరు రాయకుండా వదిలేయడం. దాచిపెడితే ఎవరూ గమనించరనుకుంటారు. ఖాళీ కనిపించగానే రిక్రూటర్ చివరి ఉద్యోగం ఉన్న ఊరును చూస్తారు, లేదంటే కాలేజీ ఉన్న ఊరిని బట్టి ఊహిస్తారు. ఆ ఊహ మీకు అనుకూలంగా ఉండే అవకాశం తక్కువ.

ఒకే కంపెనీలో మూడు ఊళ్లకు మూడు రకాల కారణాలు. జడ్చర్ల ఉద్యోగానికి అన్నయ్య ఉన్నారని, నాయుడుపేట ఉద్యోగానికి అక్కడ బంధువులున్నారని రాస్తే, ఆ దరఖాస్తులన్నీ ఒకే హెచ్‌ఆర్ విభాగం ముందుకు రావచ్చు. ఒక కంపెనీకి ఒక ఊరే ఎంచుకోండి.

రీలొకేషన్ ఖర్చును రెజ్యూమేలో అడగడం. సామాను ఖర్చు, మొదటి కొద్దిరోజుల వసతి అడగడంలో తప్పులేదు. దానికి తగిన సమయం ఆఫర్ మీద మాట్లాడేటప్పుడే. అప్పుడు నోటితో ఒప్పుకున్నదాన్ని ఆఫర్ లెటర్‌లోనో, ఈమెయిల్‌లోనో రాయించుకోండి. ఏడాదిలోపు మానేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలన్న షరతు ఉందేమో కూడా చదవండి.

## 10. ఈ మార్పులకున్న పరిమితి

లొకేషన్ వరుస ఎంత బాగా రాసినా, అది మిమ్మల్ని స్థానిక అభ్యర్థి పక్కన నిలబెడుతుంది, ఆయన కంటే ముందు నిలబెట్టదు. ముందుకు తీసుకెళ్లేది నైపుణ్యమే. కెమిస్ట్‌లలో రోజువారీ పరీక్షలు మాత్రమే చేసినవారు ప్రతి పారిశ్రామికవాడలో దొరుకుతారు. పరీక్షా పద్ధతి సరైన ఫలితమే ఇస్తుందని నిరూపించే మెథడ్ వ్యాలిడేషన్ చేసినవారు, తనిఖీలకు వచ్చిన అధికారుల ముందు ల్యాబ్ రికార్డులు చూపించి వివరించినవారు అంత సులువుగా దొరకరు. అలాంటి అనుభవం ఉంటే దాన్ని మొదటి పేజీలో పైకి తెండి, దాంతో దూరం బరువు దానంతట అదే తగ్గుతుంది.

ఫ్రెషర్లకు తీసుకునే ట్రైనీ ఉద్యోగాలు, జీతం తక్కువగా ఉన్న ఉద్యోగాలు, "వెంటనే చేరేవారు మాత్రమే" అన్న ప్రకటనల విషయంలో దూరం నుంచి చేసిన దరఖాస్తుకు ఫలితం తక్కువ. వాటికి వాక్-ఇన్ ఇంటర్వ్యూలే సరైన దారి. వారాంతంలో జరిగే వాక్-ఇన్‌కు రాత్రి ప్రయాణం చేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు, మూడు నెలల పే స్లిప్‌లతో నేరుగా హాజరైన మనిషిని "నిజంగా వస్తారా" అని ఎవరూ అనుమానించరు.

ఆరు వారాలు గడిచినా ఫోన్ రాకపోతే, లోపం ఎక్కడుందో ఇలా పోల్చుకోవచ్చు. పోర్టల్‌లో రిక్రూటర్లు వెతుకుతున్నప్పుడు మీ ప్రొఫైల్ కనిపించడమే లేదంటే, ఆరో మెట్టులోని గడులు చూడండి. ప్రొఫైల్ తెరుస్తున్నా ఫోన్ రాకపోతే, నాలుగో మెట్టు. ఫోన్ వచ్చి అక్కడితో ఆగిపోతుంటే, రెండో మెట్టులో రాసుకున్న జీతం, తేదీల దగ్గరికి తిరిగి వెళ్లండి.

## పంపేముందు చూసుకోవాల్సినవి

- పై వరుసలో ఇప్పుడున్న ఊరు, వెళ్లదలచిన ఊరు రెండూ ఉన్నాయి.
- ప్లాంటు అసలు ఉన్న చోటు పేరు ప్రకటనతో సరిపోల్చి రాశారు.
- నోటీస్ పీరియడ్, చేరే రోజులు రెజ్యూమేలోనూ పోర్టల్‌లోనూ ఒకటే.
- ప్రతి ఉద్యోగం పక్కన ఊరు ఉంది.
- చివరన పాత తేదీ, పాత స్థలం మిగల్లేదు.
- ఫైలు పేరులో పాత ఊరు లేదా పాత సంవత్సరం లేదు. `Resume_Tuni_2022_final.pdf` వంటి పేరు రిక్రూటర్‌కు కూడా అలాగే కనిపిస్తుంది. మీ పేరు, హోదాతో కొత్తగా సేవ్ చేయండి.